పన్ను నొప్పి మెడలోకి దిగితే ఆగొద్దు

షుగర్ ఉన్న నలభై అయిదేళ్ల మనిషి అనుకుందాం. కింది దవడలో చివరి పన్ను పుచ్చి నెలలు అయింది. రంజాన్ మధ్యలో నొప్పి లేచింది. సహరీకి ఒక నొప్పి బిళ్ల, ఇఫ్తార్ తర్వాత ఇంకొకటి. పండుగయ్యాక పన్ను తీయించుకుందామని వాయిదా. మూడో రోజుకు బుగ్గ వాచింది. నాలుగో రోజు నొప్పి కాస్త తగ్గింది గానీ వాపు దవడ కిందికి, గడ్డం కిందికి దిగింది. ఇంట్లోవాళ్లు తగ్గుతోందనుకున్నారు. నిజానికి ప్రమాదం అప్పుడే మొదలైంది.

కింది చివరి రెండు దంతాల వేర్లు లోతుగా ఉంటాయి. వాటి చీము దవడ లోపలి వైపు నుంచి నాలుక కింద, మెడ పైభాగంలో ఉండే ఖాళీల్లోకి సులభంగా పాకుతుంది. అక్కడ వాపు రెండు వైపులా నిండితే నాలుక పైకి, వెనక్కి జరుగుతుంది. దాని వెనకే గాలి దారి. ఈ జబ్బును 1836లో వివరించిన జర్మన్ డాక్టర్ పేరు మీద లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. గుండె నొప్పితో దీనికి సంబంధం లేదు. ఊపిరి ఆగేదాకా వెళ్లడానికి ఒక్కోసారి కొన్ని గంటలే పడుతుంది.

ఎలా గుర్తుపట్టాలి? నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోదు. గుటక పడదు, ఉమ్మి మింగలేక బయటికి కారుతుంది. నోట్లో అన్నం ముద్ద పెట్టుకున్నట్టు మాట ముద్దగా వస్తుంది. గడ్డం కింద తాకితే చెక్కలా గట్టిగా ఉంటుంది. పడుకుంటే ఊపిరాడక మనిషి లేచి కూర్చుంటాడు. వీటిలో ఒక్కటి కనిపించినా డెంటల్ క్లినిక్ తెరిచేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. పై పన్ను వాపు కంటిదాకా వచ్చి రెప్ప మూసుకుపోయినా, చూపు మసకబారినా అంతే.

మెడికల్ షాపు యాంటీబయాటిక్ ఒక్కటే ఎందుకు చాలదంటే, చీము గడ్డలోకి మందు సరిగా చేరదు. చీముకు కారణమైన పన్ను అలాగే ఉంటుంది. వాపు తగ్గుతుందని కొందరు సొంతంగా వేసుకునే స్టెరాయిడ్ బిళ్లలు మరీ చెడ్డవి. అవి వాపును తాత్కాలికంగా కప్పేస్తాయి, షుగర్‌ను పెంచుతాయి. బయట నుంచి వేడి కాపడం కూడా వద్దు.

దారిలో రోగిని వెల్లకిలా పడుకోబెట్టకూడదు, కూర్చోబెట్టి తీసుకెళ్లాలి. మత్తు ఇవ్వాల్సి రావొచ్చు కాబట్టి ఏమీ తినిపించొద్దు. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్ ఉన్న పెద్దాసుపత్రి అయితే మేలు. అక్కడ ముందు ఊపిరి దారి కాపాడతారు, తర్వాత నరం ద్వారా మందులు, చీము తీయడం, పన్ను తొలగించడం. రోజా మధ్యలో ఆపాల్సి వస్తుందేమోనన్న సంకోచం అక్కర్లేదు. రోగికి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది, ఆ రోజాలు కోలుకున్నాక ఉండొచ్చు. వాడే షుగర్ మందుల చీటీ, ఇప్పటిదాకా వేసిన బిళ్లల అట్టలు వెంట తీసుకెళ్తే డాక్టర్ల పని త్వరగా అవుతుంది.