రక్తం ఎక్కించినా నిలవడం లేదా? మూలుగ పరీక్ష ఎందుకంటే...

"నాయనకు రెండు బాటిళ్ల రక్తం ఎక్కించినాము. నెల తిరక్కముందే మళ్లీ ఆయాసం. ఆ రక్తమంతా ఏమైపోతాండాది డాక్టరమ్మా?" కర్నూలు, కడప పల్లెల నుండి వచ్చే కుటుంబాలు అడిగే ప్రశ్న ఇది. ఎక్కించిన ఎర్రకణాలు కొన్ని వారాలలో సహజంగానే అయిపోతాయి. వాటి స్థానంలో మన ఎముకల లోపలి మూలుగ కొత్తవి తయారు చేయాలి. అది చేయడం లేదన్నమాట.

ఉదాహరణకు 65 ఏళ్ల రైతు ఒకరిని అనుకుందాం. హిమోగ్లోబిన్ 6.5. తెల్లకణాలు 2,600, ప్లేట్‌లెట్లు 75,000. మూడూ తక్కువే. పైగా ఎర్రకణాల సగటు సైజు 110. అది 100 లోపు ఉండాలి. ఇనుము తక్కువైన రక్తహీనతలో కణాలు చిన్నవవుతాయి, ఇక్కడ పెద్దవయ్యాయి. కాబట్టి ఐరన్ మాత్రలతో కాలం గడపకూడదు.

డాక్టరు మొదట విటమిన్ బి12 చూస్తారు. ఆ లోపంలోనూ రక్తం అచ్చం ఇలాగే ఉంటుంది, మూలుగ కూడా మోసం చేసేంతగా ఇలాగే కనిపిస్తుంది. అయితే అది ఇంజెక్షన్లతో నయమయ్యే జబ్బు. వారం పది రోజులలో కొత్త ఎర్రకణాలు పెరుగుతాయి. మన రైతుకు బి12 సరిగానే ఉంది, ఇంజెక్షన్లు వేసినా మార్పు లేదు. అప్పుడు మూలుగ పరీక్ష.

చాలామంది దీన్ని వెన్నులో నీరు తీయడమనుకొని భయపడతారు. వెన్నుపూస జోలికే పోరు. పక్కకు పడుకోబెట్టి, నడుము కింద తుంటి ఎముక వెనుక భాగంలో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, సూదితో కొద్దిగా మూలుగ, చిన్న ఎముక ముక్క తీస్తారు. పీల్చేటప్పుడు కొన్ని క్షణాలు గట్టిగా లాగినట్లు నొప్పి ఉంటుంది. అరగంటలో అయిపోతుంది.

ఈయన మూలుగ ఖాళీగా లేదు, నిండుగా ఉంది! శెనక్కాయ చేను పచ్చగా ఏపుగా ఉండి, పీకి చూస్తే కాయలో పప్పు లేనట్టు. కణాలు వంకరగా పుట్టి, ముదరకముందే లోపలే చనిపోతున్నాయి. దీనినే మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్, ఎం.డి.ఎస్. అంటారు.

రిపోర్టులో 'బ్లాస్ట్‌లు' అనే అంకె చూడండి. ఇవి పసికణాలు. మూలుగలో నూటికి 5 లోపు ఉండాలి. 20కి చేరితే సాధారణంగా లుకేమియా అంటారు. ఈయనకు 8. అంటే ఇప్పుడు లుకేమియా కాదు, కానీ ఆ వైపు జరిగే అవకాశం ఉంది. అందరికీ అలా మారదు. ఎవరికి ఎక్కువ ప్రమాదమో తెలియడానికి అదే మూలుగలో క్రోమోజోములు కూడా చూస్తారు. 7వ క్రోమోజోము పోతే ప్రమాదం ఎక్కువ. 5వ దానిలో మాత్రమే ఒక ముక్క పోతే సాధారణంగా తక్కువ, దానికి తగిన మాత్రలూ ఉన్నాయి. ఈ పరీక్ష వేలూరు సి.ఎం.సి. వంటి పెద్ద ఆసుపత్రులలో చేస్తారు. ఫలితానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు.

ఈలోగా జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. తెల్లకణాలు తక్కువ కాబట్టి ఆ రాత్రే తీసుకురండి. పాత రక్త రిపోర్టులు, ఎక్కించిన రక్తం తేదీలు ఒక కవరులో పెట్టి వెంట తెండి.