వార్తల్లో పదం: స్ట్రక్చర్డ్ అబ్‌స్ట్రాక్ట్

పరిశోధన పత్రాన్ని లక్ష్యం, పద్ధతి, ఫలితాలు, పరిమితులు వంటి శీర్షికల కింద కుదించి చెప్పే సారాంశమిది. వైద్య పత్రికల్లో 1987 నుంచి వాడుకలోకి వచ్చింది.

2020 నాటి బ్రిటన్ ‘రికవరీ’ ట్రయల్‌నే చూద్దాం. లక్ష్యం: ఆసుపత్రిలో చేరిన కొవిడ్ రోగుల మరణాలను డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ తగ్గిస్తుందా? పద్ధతి: లాటరీ పద్ధతిలో విడదీసి 2,104 మందికి రోజూ 6 మిల్లీగ్రాముల మందు, గరిష్ఠంగా 10 రోజులు, 4,321 మందికి మామూలు చికిత్స మాత్రమే. మందు ఎవరికి అందుతోందో వైద్యులకూ రోగులకూ తెలుసు. ఆ మాట వదలకూడదు.

ఫలితాల దగ్గరే తొందరపాటు ఎక్కువ. 28 రోజుల్లో మరణాలు మామూలు చికిత్సలో 25.7 శాతం, మందు వాడినవారిలో 22.9 శాతం అని రాసి ఆపేస్తే, ఈ మందు ప్రతి కొవిడ్ రోగికీ మేలేనని పాఠకుడు అనుకుంటాడు. నిజానికి వెంటిలేటర్‌పై ఉన్నవారిలో తేడా చాలా పెద్దది: 41.4కు బదులు 29.3 శాతం. ఆక్సిజన్ అక్కర్లేనివారిలో మాత్రం మామూలు చికిత్సలో 14, మందుతో 17.8 శాతం. అంటే మేలు కనబడలేదు. హాని చేసిందని తేల్చడానికీ ఆ తేడా చాలదు. సారాంశంలో ఈ రెండు ముక్కలూ ఉండి తీరాలి. 2021లో మన దగ్గర స్వల్ప లక్షణాలకే స్టెరాయిడ్లు మింగినవారిని తలచుకుంటే ఎందుకో తెలుస్తుంది.

పరిమితుల కింద రచయితలు ఒప్పుకున్నవే రాయాలి. మన అనుమానాలుంటే, అవి మనవేనని చెప్పి విడిగా పెట్టాలి.