ఒకే గదికి రెండు బ్లాకుల పోటీ

క్యాష్ మెమరీలో 8 లైన్లు ఉన్నాయనుకుందాం. డైరెక్ట్ మ్యాపింగ్‌లో ప్రతి మెమరీ బ్లాకుకూ ఒకే లైను రాసిపెట్టి ఉంటుంది: బ్లాకు సంఖ్యను 8తో భాగిస్తే వచ్చే శేషమే ఆ లైను. 0, 8 బ్లాకులు రెండూ 0వ లైనుకే వస్తాయి. ప్రోగ్రాం వాటిని మార్చి మార్చి పదిసార్లు అడిగితే, ఒకటి రాగానే రెండోది బయటకు పోతుంది. మిగతా ఏడు లైన్లు ఖాళీగా ఉన్నా హిట్ రేషియో సున్నాయే.

అవే 8 లైన్లను రెండేసి చొప్పున 4 సెట్లు చేస్తే, ఇప్పుడు 4తో భాగించాలి. రెండు బ్లాకులూ 0వ సెట్‌కే వెళ్లినా పక్కపక్కనే ఇముడుతాయి. మొదటి రెండు మిస్‌లు తప్పవు, తర్వాతి ఎనిమిదీ హిట్‌లే. హిట్ రేషియో 0.8.

క్యాష్‌కు 2 నానోసెకన్లు, మిస్ అయితే అదనంగా 100 పడితే, సగటు సమయం:

```
డైరెక్ట్: 2 + 1.0 × 100 = 102
సెట్:    2 + 0.2 × 100 = 22
```

అలాగని సెట్ పద్ధతి సర్వరోగ నివారిణి కాదు. 0, 8, 16 బ్లాకులను వరుసగా తిప్పి తిప్పి అడిగితే ముగ్గురికీ రెండే చోట్లు. ఎక్కువసేపు వాడనిదాన్ని తీసేసే నియమం ఉంటే, సరిగ్గా తర్వాత కావలసిన బ్లాకే ప్రతిసారీ బయటపడుతుంది. హిట్ రేషియో మళ్లీ సున్నా. సెట్‌కు నాలుగు లైన్లు ఇస్తే ఈ చిక్కు తీరుతుంది కానీ, ప్రతి వెతుకులాటలో నాలుగు ట్యాగులను ఒకేసారి పోల్చే సర్క్యూట్ కావాలి.