మామ్మకి విరేచనాలు కావు

పెద్దవయసులో మలం తెలియకుండా జారిపోతుంటే కోనసీమ ఇళ్ళలో ఆ మాట పైకి అనరు. మందుల షాపు దగ్గర "మామ్మకి విరేచనాలండీ" అంటారు. వెంటనే లోపెరమైడ్ మాత్ర చేతికొస్తుంది. చాలాసార్లు ముప్పు అక్కడే మొదలవుతుంది.

తరచూ కనిపించే తీరునే ఒక కథలా చెబుతాను. రాజోలు దగ్గర లంక ఊళ్ళో 76 ఏళ్ళ మామ్మగారు పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయ్యాక నొప్పికి ట్రమడాల్, నీరసానికి ఐరన్, ఎముకకి కాల్షియం రాశారు. మూడూ మలాన్ని బిగించేవే. దొడ్డికి వెళ్ళాలంటే కోడలు లేచి పట్టుకోవాలి కాబట్టి, ఆవిడ మంచినీళ్ళు తాగడమే తగ్గించేశారు. వారం రోజులు విరేచనం కాలేదు. ఆ తర్వాత పలచగా, కొద్దికొద్దిగా, రాత్రీ పగలూ చీరకి అవుతూనే ఉంది.

పంటకాలవ తూముకి గుర్రపుడెక్క అడ్డం పడితే నీళ్ళు పక్కల నుంచి కారినట్టే ఇదీను. పేగు చివర మలం గట్టి ముద్దగా ఇరుక్కుపోయింది. ఆ ముద్ద పేగుని సాగదీసి ఉంచడంతో ద్వారం లోపలి కండరం వదులైపోతుంది, వెనకనున్న పలచని మలం ముద్ద పక్కల నుంచి దిగుతుంది. ఇప్పుడు లోపెరమైడ్ వేస్తే పేగు కదలిక ఇంకా మందగించి ముద్ద మరింత బిగుసుకుంటుంది. ఇసబ్‌గోల్ కూడా ఈ స్థితిలో వద్దు. నీళ్ళు సరిగా తాగని మనిషిలో అదీ అడ్డమే అవుతుంది.

గుట్టు తేల్చేది గ్లౌజు వేసుకున్న వేలితో రెండు నిమిషాల పరీక్ష. సిగ్గుపడి పేషెంటూ, తీరిక లేక డాక్టరూ దాన్ని దాటేస్తుంటారు. ఎడమవైపు పడుకోబెట్టి, ముందు చర్మం చూస్తారు. ఒరిసిపోయిందా, పాత చిరుగు మచ్చ ఉందా అని. వేలు లోపలికి వెళ్ళగానే ద్వారం తనంతట తాను ఎంత బిగువుగా పట్టిందో తెలుస్తుంది. అది లోపలి కండరం పని, మన ఇష్టంతో నడిచేది కాదు. తర్వాత "గ్యాస్ ఆపుకున్నట్టు బిగించండమ్మా" అంటారు. అప్పుడు బిగిసేది బయటి కండరం. కొందరు దాన్ని వదిలేసి పిర్రలూ పొట్టా బిగిస్తారు, కాబట్టి డాక్టరు రెండో చెయ్యి పొట్టమీద ఉంచి గమనిస్తారు. ముద్ద ఉంటే వేలికే తగులుతుంది. ఇంకా పైన ఇరుక్కుంటే తగలదు, అనుమానముంటే పొట్ట ఎక్స్‌రే తీయిస్తారు.

మామ్మగారికి వేలికే తగిలింది. నర్సు ఎనీమా ఇచ్చి, మెత్తబడిన ముద్దని నెమ్మదిగా తీశారు. తర్వాత నీళ్ళలో కలుపుకునే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి రోజూ తాగించారు. ట్రమడాల్ ఆపి పారాసెటమాల్ ఇచ్చారు. కారడం చాలావరకు తగ్గింది.

పూర్తిగా పోలేదు. నాలుగడుగులు వేస్తే కొంచెం మరక, తుమ్మితే గ్యాస్ ఆగదు. రెండోసారి వేలితో చూస్తే బయటి కండరం పట్టు బాగా తక్కువగా ఉంది. తొలి కాన్పు ఇంట్లోనే, మంత్రసాని చేతిమీద అయింది. అప్పటి చిరుగుకి కుట్లు పడలేదు. వయసులో ఉన్నంతకాలం మిగిలిన కండరం ఆ లోటు కప్పిపెట్టింది, ఇప్పుడది కూడా సన్నబడింది. ఇలాంటివాళ్ళకి షుగరు కూడా చాలా ఏళ్ళుగా ఉంటే నరాలు మొద్దుబారి, మలం వచ్చిన సంగతే ఆలస్యంగా తెలుస్తుంది. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్ కూడా కొందరిలో మలాన్ని పలచబరుస్తుంది.

ఇక్కడ వైద్యం చాలావరకు ఇంట్లోదే. పేగు ఖాళీ అయిందని తేలాక, నడుస్తూ నీళ్ళు తాగుతున్న మనిషికి ఇసబ్‌గోల్ చెంచాతో మొదలుపెడితే మలం ఒక రూపానికొస్తుంది. రూపమున్న మలాన్ని బలహీనమైన కండరం కూడా ఆపగలదు. ఉదయం టిఫినూ కాఫీ అయిన అరగంటలో పేగు సహజంగానే కదులుతుంది. రోజూ అదే వేళకి కమోడ్ మీద, కాళ్ళ కింద చిన్న పీట వేసి కూర్చోబెట్టాలి. బిగించే వ్యాయామం అయిదు సెకన్లు పట్టి, పది సెకన్లు వదిలి, పదిసార్లు, రోజుకి మూడు పూటలు చేయాలి. ఫలితం కనిపించడానికి మూడు నెలలైనా పడుతుంది, మొదటి వారంలో మానేసేవాళ్ళే ఎక్కువ. చర్మాన్ని గట్టిగా రుద్దకుండా నీళ్ళతో కడిగి, అద్ది, జింక్ ఆక్సైడ్ పూత వేస్తే పుండు పడదు.

మలం ఇంకా పలచగానే ఉంటే అప్పుడు లోపెరమైడ్‌కి చోటుంది. డాక్టరు చెప్పిన మేరకు, తక్కువ మోతాదులో, మనవరాలి పెళ్ళికో తీర్థానికో బయల్దేరేముందు వేసుకోవచ్చు. అదే మాత్ర, వేళ మారిందంతే.

మూడు నెలలకీ తగ్గకపోతే పెద్ద ఆసుపత్రిలో ఆ ద్వారం అల్ట్రాసౌండ్, పట్టు ఒత్తిడిని కొలిచే మానోమెట్రీ చేయిస్తారు. చిరుగు ఎక్కడిదాకా ఉందో వేలు చెప్పలేదు, అల్ట్రాసౌండ్ చెబుతుంది. రక్తం పడినా, బరువు తగ్గినా, మలవిసర్జన తీరు కొత్తగా మారినా అన్నాళ్ళు ఆగకుండా డాక్టరుకి చూపించాలి. కూర్చునే చోట తిమ్మిరెక్కి, కాళ్ళలో బలం తగ్గి, మూత్రం కూడా బిగిసిందంటే వెన్నులో నరం నొక్కుకుంటూ ఉండొచ్చు, ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.