చివర లెక్కకొచ్చే అన్నం

న్యూట్రిషన్, డైటెటిక్స్ చదివే పిల్లలకు ప్రాక్టికల్ పరీక్షలో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. వయసు 45, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 70 కిలోలు, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, టైప్ 2 మధుమేహం, మాత్రలు వాడుతున్నాడు. ఇతనికి ఒక రోజు భోజనం లెక్కకట్టి చూపించాలి.

ఈ ప్రశ్న చూడగానే చాలామంది చెయ్యి అన్నం మీదికే పోతుంది. "మధ్యాహ్నం ఒక కప్పు అన్నం" అని రాసి, దాని చుట్టూ పప్పు, కూర, పెరుగు పేరుస్తారు. మన ఇళ్లలో భోజనం అన్నంతో మొదలవుతుంది కాబట్టి లెక్క కూడా అక్కడే మొదలవ్వాలనిపిస్తుంది. కానీ ఈ లెక్కలో అన్నం వంతు ఆఖరున వస్తుంది. ఎందుకో చూద్దాం.

ముందు ఈ మనిషికి ఎంత శక్తి కావాలో తేలాలి. ఎత్తులోంచి 100 తీసేస్తే ఉండాల్సిన బరువు 60 కిలోలని సుమారుగా తెలుస్తుంది. ఉన్నది 70 కాబట్టి కాస్త తగ్గాలి. కిలోకు 25 కేలరీల చొప్పున రోజుకు 1500 సరిపోతాయి. అందులో 55 శాతం పిండిపదార్థాలకు ఇస్తే, గ్రాముకు 4 కేలరీల లెక్కన 206 గ్రాములు. మాంసకృత్తులు కిలోకు 1 గ్రాము చొప్పున 60 గ్రాములు. మిగిలిన కేలరీలు కొవ్వుకి పోతాయి, అవి సుమారు 48 గ్రాములవుతాయి.

ఇప్పుడు ఈ గ్రాములను తిండిగా మార్చాలి. బియ్యంలో ఇంత, పాలలో అంత అని ప్రతి పదార్థానికీ పట్టిక తిరగేస్తూ కూర్చుంటే పొద్దు గూకుతుంది. ఆ బాధ తప్పించడానికే 1950లో అమెరికాలో డయాబెటిస్ సంఘం, డైటెటిక్ సంఘం, ప్రజారోగ్య శాఖ కలిసి ఎక్స్‌ఛేంజి పట్టికలు తయారుచేశాయి. దాదాపు ఒకే విలువ ఉన్న పదార్థాలను ఒక గుంపులో పెట్టి, ఎంత పరిమాణం తింటే సమానమో రాశారు. ఆ గుంపులో ఏది తిన్నా లెక్క మారదు. మన పుస్తకాల్లో 20 గ్రాముల పచ్చి బియ్యం ఒక ధాన్యపు ఎక్స్‌ఛేంజి: పిండిపదార్థాలు 15 గ్రాములు, 70 కేలరీలు. అంతే గోధుమపిండి, అంతే జొన్నపిండి, అంతే రవ్వ దాని బదులు వాడుకోవచ్చు. కొన్ని పుస్తకాలు ఈ పరిమాణాన్ని వేరుగా ఇస్తాయి. అందుకే ఏ పట్టికతో మొదలుపెడితే దానితోనే ముగించమని పిల్లలకు గట్టిగా చెబుతాను.

వరస ఇలా సాగుతుంది. రోజుకు అర లీటరు టోన్డ్ పాలు, అంటే టీలోకి, పెరుగుకి కలిపి 2 ఎక్స్‌ఛేంజిలు: పిండిపదార్థాలు 24 గ్రాములు. వంకాయ, బెండకాయ, సొరకాయ లాంటి కూరలు 3, ఒక్కోటి సుమారు 100 గ్రాములు: 15 గ్రాములు. పండు 1: 15 గ్రాములు. పప్పులు 2, అంటే 60 గ్రాములు: 34 గ్రాములు. ఇప్పటికి 88 అయ్యాయి. 206లోంచి 88 తీసేస్తే 118 మిగిలింది. దాన్ని 15తో భాగిస్తే 8కి కాస్త తక్కువ. అంటే ధాన్యపు ఎక్స్‌ఛేంజిలు 8, రోజుకు 160 గ్రాముల పచ్చి ధాన్యం. పాలు, పప్పు, కూర, పండు తమ వాటా తీసుకున్నాక మిగిలిందే అన్నానిది. ముందే అన్నానికి పెద్దపీట వేస్తే పాలకో పప్పుకో చోటుండదు. లేదా అవన్నీ ఉండి మొత్తం హద్దు దాటుతుంది.

మాంసకృత్తులు కూడితే 52 వచ్చాయి, ఒక గుడ్డు చేరిస్తే 59. పాలలో, గుడ్డులో ఉన్న కొవ్వు పోను రోజంతటికీ నూనె 5 చెంచాలు. అన్నిటి కేలరీలు కూడితే 1495. అనుకున్న 1500కి ఇంత దగ్గరగా వస్తే లెక్క కుదిరినట్టే. వందో, రెండొందలో తేడా వస్తే మళ్లీ మొదటికి రావాలి.

తేడా వచ్చిందంటే నేను ముందు పప్పు వరస చూస్తాను. పప్పంటే మాంసకృత్తులే అన్న నమ్మకం మనలో బలంగా ఉంది. 30 గ్రాముల కందిపప్పులో అవి 7 గ్రాములుంటే పిండిపదార్థాలు 17 గ్రాములున్నాయి. వాటిని వదిలేసిన పిల్లలు రెండు ఎక్స్‌ఛేంజిల అన్నం అదనంగా పెట్టేస్తారు. రెండోది బంగాళదుంప. కూరల గుంపులో రాస్తారు గానీ 100 గ్రాముల దుంప దాదాపు ఒక ధాన్యపు ఎక్స్‌ఛేంజికి సమానం. మూడోది అన్నిటికంటే ప్రమాదం: పచ్చి తూకాన్ని వండిన తూకంగా చదవడం. 20 గ్రాముల బియ్యం ఉడికాక 50 గ్రాములు దాటుతుంది. "160 గ్రాముల అన్నం" అని కాగితం మీద రాసిస్తే ఆ మనిషి రోజంతా ఆకలితో మాడతాడు.

ఇక పంపకం. పొద్దున పెసరట్టు ఉప్మా అనుకుందాం. పెసలు 30 గ్రాములు, రవ్వ 40 గ్రాములు, ఒక టీ: 53 గ్రాముల పిండిపదార్థాలు. మధ్యాహ్నం 60 గ్రాముల బియ్యంతో అన్నం, పలుచగా పప్పు, కూర, గుడ్డు, చిన్న గిన్నె పెరుగు: 67. సాయంత్రం ఒక జామపండు, టీ: 21. రాత్రి 60 గ్రాముల పిండితో జొన్నరొట్టెలు, పప్పు, కూర, పెరుగు: మళ్లీ 67. అన్నీ కలిపితే 208. మధ్యాహ్నం దుంపల వేపుడు తినాలనిపిస్తే ఆ పూట బియ్యం 20 గ్రాములు తగ్గించి 100 గ్రాముల దుంపలు వేసుకోవచ్చు. అయితే వేపుడుకి పోసిన నూనె ఆ 5 చెంచాల్లోంచే రావాలి.

ఇన్సులిన్ వాడేవాళ్లకు ఈ 67 అనే అంకె ఇంకా సూటిగా పనికొస్తుంది. ఒక యూనిట్ ఇన్సులిన్ ఎన్ని గ్రాముల పిండిపదార్థాలకు సరిపోతుందో సుమారుగా చూడటానికి, 500ను రోజు మొత్తం వేసుకునే యూనిట్లతో భాగిస్తారు. టైప్ 1 ఉన్న ఒకమ్మాయి రోజుకు 40 యూనిట్లు వేసుకుంటుందనుకోండి, 12.5 వస్తుంది. 67 గ్రాముల భోజనానికి 5 యూనిట్లకు కాస్త ఎక్కువ. పెళ్లిలో ఇంకో రెండు గరిటెల అన్నం పడితే ఎంత పెంచాలో ఆ అమ్మాయికి ముందే తెలుస్తుంది. ఈ అంకె అందరికీ ఒకటి కాదు. ఒకే మనిషికి పొద్దునకీ రాత్రికీ కూడా మారవచ్చు. అందుకే డాక్టరు దగ్గర సరిచూసుకున్నాకే వాడాలి.

ఇక్కడే గ్రాముల లెక్క ఆగిపోయే చోటు కూడా కనబడుతుంది. 67 గ్రాములు ఉప్మాలో వచ్చినా బిర్యానీలో వచ్చినా పుస్తకంలో ఒకటే. కానీ బిర్యానీలోని నూనె, మాంసం కడుపులో జీర్ణాన్ని ఆలస్యం చేస్తాయి. రెండు గంటలకు గ్లూకోమీటరు 150 చూపించి నిశ్చింతగా పడుకుంటే, నాలుగైదు గంటలకు 250 దాటవచ్చు. అందుకే బిర్యానీ తిన్న రాత్రి ఆ అమ్మాయి పడుకునేముందు ఇంకోసారి వేలు గుచ్చి చూసుకోవాలని, ఆ అంకెను పుస్తకంలో భోజనం పక్కనే రాసుకోవాలని చెబుతాము.