'మతదాన్' అంటే ఓటు: జగదల్‌పూర్ తెలుగు పిల్లలకు 'రిలిజియన్' ఎలా చెప్పాలి?

ఎన్నికలొస్తే జగదల్‌పూర్ గోడల మీద 'మతదాన్' అనే మాట కనిపిస్తుంది. హిందీలో అది ఓటు వేయడం. ఇంట్లో తెలుగు వింటూ పెరిగే పిల్లలకు మాత్రం అది మతాన్ని దానం చేయడంలా వినిపిస్తుంది. హిందీలో 'మత్' అంటే అభిప్రాయం, ఓటు. తెలుగులో మతం అనే దాన్ని హిందీ 'ధర్మ్' అంటుంది.

వరంగల్ నుంచి వచ్చిన అన్నమదేవుడే తమ మూలపురుషుడని బస్తర్ రాజవంశం చెప్పుకుంటుంది. తెలుగుతో ఇంత పాత సంబంధం ఉన్న ఊళ్లో కూడా బడి, బజారు, ఆఫీసు హిందీలోనే నడుస్తాయి. అందుకే ఇక్కడి పిల్లలకు మతానికి సంబంధించిన మాటలను ఇంగ్లిష్, తెలుగుల్లో కలిపి నేర్పాలంటే రెండు గడుల పట్టిక చాలదు. పాఠం రెండు భాషల్లోనే సాగినా, వినేవాళ్ల తలలో మూడో భాష ఉంటుంది.

'రిలిజియన్' మాటనే చూద్దాం. రాజ్యాంగం 25వ అధికరణం చెప్పే హక్కు తెలుగులో మత స్వాతంత్ర్యం, హిందీలో 'ధర్మ్ కీ స్వతంత్రతా'. హిందీకి అలవాటుపడిన పిల్లలు సహజంగానే 'రిలిజియన్ అంటే ధర్మం' అని రాసుకుంటారు. పట్టికలో చూస్తే అది తప్పుగా కనిపించదు. వాక్యంలో పెట్టినప్పుడే బయటపడుతుంది.

ఉపాధ్యాయులు మూడు వాక్యాలు ఇచ్చి ఇంగ్లిష్‌లోకి మార్చమనొచ్చు. 'తల్లిదండ్రులను చూసుకోవడం పిల్లల ధర్మం', 'బాబూ, ధర్మం చెయ్యండి', 'బౌద్ధ ధర్మం భారతదేశంలో పుట్టింది'. మొదటిదానికి 'డ్యూటీ', రెండోదానికి 'చారిటీ' కావాలి. మూడోదానికి 'రిలిజియన్' దాదాపు సరిపోతుంది. మూడింటికీ 'రిలిజియన్' అనే రాశారంటే, మాట కంఠస్థమైంది కానీ అర్థం పట్టుబడలేదన్నమాట. అప్పుడు హిందీ 'ధర్మ్'ను కూడా బోర్డు మీద రాసి, అది ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో చూపించాలి. తెలుగు పాఠంలో హిందీ ఎందుకని దాన్ని పక్కన పెడితే, ఆ గందరగోళం పిల్లల నోట్‌బుక్కుల్లోనే ఉండిపోతుంది.

కొన్ని మాటలకు ఇంగ్లిష్‌లో జోడీ వెతకడమే దండగ. దంతేశ్వరి గుడికి తీసుకెళ్లిన కొబ్బరికాయ అమ్మవారికి సమర్పించేటప్పుడు నైవేద్యం. తిరిగి చేతికొచ్చాక ప్రసాదం. 'ఆఫరింగ్' అనే మాట మొదటిదానికి సరిపోతుంది. రెండోదానికీ అదే వాడితే, భక్తులు దేవతకిచ్చినదాన్నే తిన్నట్టుంటుంది తప్ప దేవత తమకిచ్చినట్టు ఉండదు. అందుకే 'ప్రసాదం' మాటను ఇంగ్లిష్ వాక్యంలోనూ అలాగే ఉంచి, పక్కన ఒక వాక్యంలో వివరించడం మేలు. క్రైస్తవుల 'బాప్టిజం' విషయంలో తెలుగు చేసింది ఇదే. 'బాప్తిస్మం' అని గ్రీకు మాటనే తీసుకుంది.

పిల్లలకు ఇది అర్థమైందో లేదో తెలుసుకోవడానికి నిర్వచనం అడగక్కర్లేదు. కొబ్బరికాయ ఏ క్షణంలో పేరు మార్చుకుందో అడిగితే చాలు.