గడువు తీరిన అంకెలు, రెండు హీప్‌లు

వేలికి తగిలించే పరికరం నాడి వేగాన్ని చూపిస్తోందనుకుందాం. వరుసగా 72, 74, 71, 190, 73 వచ్చాయి. చెయ్యి కదిలినప్పుడు పడ్డ తప్పు అంకె 190 అని చూడగానే తెలుస్తుంది. ఈ అయిదింటి సగటు కడితే 96 వస్తుంది, అసలు నాడికీ దానికీ పొంతన లేదు. చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి నడిమి అంకె తీస్తే 73. ఇదే మధ్యగతం. ఇలా జారుతూ వెళ్లే మధ్యగతాలతో లెక్కల్లోని గీతలు పడ్డ చోట్లను నున్నగా చేయవచ్చని అమెరికా గణాంక శాస్త్రవేత్త జాన్ టూకీ 1977లో వెలువరించిన పుస్తకంలో విస్తారంగా చూపించారు.

ఇబ్బంది జారడంలో ఉంది. కొత్త అంకె ఒకటి వస్తుంది, అన్నిటికన్నా పాతది వెళ్లిపోతుంది. విండోలో అయిదే అంకెలుంటే ప్రతిసారీ మళ్లీ పేర్చినా నష్టం లేదు. అదే మంచి పద్ధతి కూడా. పదివేలుంటే మాత్రం ఒక్క అంకె మారినందుకు మొత్తం పేర్చడం వృథా.

అందుకే అంకెల్ని రెండు హీప్‌లుగా విడదీస్తారు. కింది సగాన్ని పట్టుకున్న హీప్‌లో అన్నిటికన్నా పెద్దది పైన ఉంటుంది, పై సగానిదాంట్లో అన్నిటికన్నా చిన్నది. మన ఉదాహరణలో కింది హీప్‌లో 71, 72, 73. పై హీప్‌లో 74, 190. కింది హీప్ కొసన ఉన్న 73 మధ్యగతం. వెతకాల్సిన పనే లేదు.

ఇప్పుడు 75 వచ్చింది, 72 వెళ్లాలి. చిక్కంతా ఇక్కడే. హీప్‌కు తన కొసన ఏముందో మాత్రమే తెలుసు. లోపలున్న 72 ఎక్కడుందో తెలియాలంటే అన్నిటినీ తడమాలి. కాబట్టి దాన్ని తీయరు. 72కు గడువు తీరిందని మాత్రం గుర్తుంచుకుని, కింది హీప్‌లో ‘బతికున్నవి’ రెండేనని లెక్క తగ్గిస్తారు. 75 పై హీప్‌లో చేరాక అక్కడ మూడవుతాయి. తూకం కోసం దాని కొసన ఉన్న 74ను కిందికి దించుతారు. మధ్యగతం 74. చనిపోయిన 72 అడుగున అలాగే ఉంది, ఎవరికీ అడ్డం రాలేదు.

తర్వాత 70 వచ్చింది, 74 వెళ్లాలి. ఈసారి పోవాల్సింది సరిగ్గా కొసనే ఉంది. అప్పుడు వాయిదా కుదరదు, వెంటనే తీసేయాలి. మళ్లీ 73 పైకి వస్తుంది, అదే సరైన జవాబు. అంకెను దాని వరుస సంఖ్యతో కలిపి దాచుకుంటే ఈ శుభ్రం చేసే పని పైథాన్‌లో రెండు వరుసలే:

```python
while low and low[0][1] <= i - k:
    heapq.heappop(low)
```

ఇక్కడ `k` విండో పొడవు, `i` ఇప్పుడొచ్చిన అంకె వరుస సంఖ్య. `heapq` మామూలుగా చిన్నదాన్నే పైన ఉంచుతుంది గనక కింది హీప్‌లో అంకెల్ని రుణాత్మకం చేసి పెడతారు. కొస నుంచి ఒక అంకెను పక్క హీప్‌కు మార్చిన ప్రతిసారీ ఈ శుభ్రం మళ్లీ జరగాలి, ఎందుకంటే కింద దాగిన చచ్చిన అంకె అప్పుడే పైకి తేలవచ్చు.

తప్పులు ఎక్కువగా తూకం దగ్గరే జరుగుతాయి. `len(low)` చూసి తూకం వేస్తే చచ్చినవి కూడా లెక్కలోకొచ్చి మధ్యగతం పక్కకు జరుగుతుంది. బతికున్నవాటి లెక్క విడిగా ఉండాలి. ఇంతకన్నా కనబడని తప్పు ఇంకొకటుంది. రెండు హీప్‌ల కొసల్లోనూ 73 ఉందనుకుందాం. వెళ్లాల్సింది పైనున్న 73. విలువను కింది హీప్ కొసతో పోల్చి ‘ఇది కిందిదే’ అని తేలిస్తే తప్పు హీప్ లెక్క తగ్గుతుంది. ఏ వరుస సంఖ్య ఏ హీప్‌లో ఉందో విడిగా రాసుకుని, అంకెను మార్చినప్పుడల్లా దిద్దుకోవడమే దీనికి మందు.

వాయిదాకు ఖరీదు లేకపోలేదు. నిల్వనీటి మట్టంలా అంకెలు ఎడతెగకుండా పెరుగుతూ పోతే వెళ్లిపోయేవన్నీ అన్నిటికన్నా చిన్నవే. అవి కింది హీప్ అడుగునే ఉండిపోతాయి, కొసకు ఎప్పటికీ రావు. విండో వెయ్యి అంకెలదే అయినా పది లక్షల అంకెలు చూసేసరికి దాదాపు అన్నీ ఆ హీప్‌లోనే పేరుకుంటాయి. చచ్చినవి విండో పొడవును దాటగానే బతికున్నవాటితో హీప్‌ను కొత్తగా కట్టేస్తే జ్ఞాపకశక్తి అదుపులో ఉంటుంది. కట్టే శ్రమ కూడా మధ్యలో గడిచిన అన్ని అడుగులకూ పంచుకుపోతుంది.

రాసిన ప్రోగ్రాం సరైనదో కాదో తేల్చుకోవడానికి పెద్ద పెద్ద అంకెలు అక్కరలేదు. 0 నుంచి 3 లోపు యాదృచ్ఛిక అంకెలు వందల కొద్దీ ఇచ్చి, ప్రతి విండోనూ మామూలుగా పేర్చి తీసిన జవాబుతో సరిచూస్తే చాలు. అంకెలు అంత ఇరుకులో ఉంటే సమాన విలువలు మాటిమాటికీ రెండు హీప్‌ల కొసలకూ చేరతాయి, విలువలతో పోల్చి మోసపోయే ప్రోగ్రాం త్వరగానే దొరికిపోతుంది.